తప్పుగా చేసినా దెబ్బ తగలని ఆసనాలు: ఏడేళ్ల పిల్లల తరగతిలో ఎనిమిది వారాలు

నేపథ్యం

ఏడెనిమిదేళ్ల పిల్లలు 28 మంది ఉన్న ఒక ప్రాథమిక తరగతి. వారానికి ఒక రోజు, భోజన విరామం ముగియగానే, 30 నిమిషాల పాఠం. మొత్తం ఎనిమిది వారాలు. పిల్లలకు యోగా, శరీర కదలికలు నేర్పడం నా వృత్తి. ఎన్నో తరగతులు చూశాను, కానీ రాసిపెట్టుకోవాలనిపించింది దీన్నే. ఇక్కడ నేను వేసుకున్న మొదటి ప్రణాళిక దాదాపు అడుగడుగునా తప్పింది. తప్పిన ప్రతిచోటా ఎందుకు తప్పిందో కళ్లెదుటే కనిపించింది. పిల్లల్ని, బడిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను, కొన్నింటిని మార్చాను.

క్లాస్ టీచర్ మొదటిసారి మాట్లాడినప్పుడు తన ఇబ్బంది ఇలా చెప్పారు: "మధ్యాహ్నం వీళ్లను కుదురుగా కూర్చోబెట్టడానికే పావుగంట పడుతోందండీ. ఒకరు ఏడుస్తూ వస్తారు, ఇద్దరు పోట్లాడుకుంటూ వస్తారు, మిగతావాళ్లకు ఆట ఇంకా దిగదు. మీరు కొంచెం ధ్యానం, కొన్ని ఆసనాలు నేర్పితే బాగుంటుంది."

ఈ మాటల్లో రెండు వేర్వేరు అవసరాలున్నాయి. మొదటిది, ఉరకలెత్తుతూ వచ్చిన తరగతి మొత్తాన్ని నెమ్మదిగా కిందికి దించడం. రెండోది, ఏడుపులోనో కోపంలోనో మునిగిపోయిన ఒక్క పిల్లవాడికో పిల్లకో దారి చూపించడం. నేను అప్పుడు రెండింటినీ ఒకటిగానే విన్నాను. ఒకే పాఠం రెండింటికీ సరిపోతుందనుకున్నాను. దాని ఫలితం మూడో వారంలో తెలిసింది.

పాఠానికి ముందు తల్లిదండ్రులకు ఒక చిన్న ఫారం పంపాను. ఉబ్బసం, మూర్ఛ, ఈ మధ్య ఎముక విరగడం, చెవి నొప్పి, మెడకు సంబంధించిన ఏ ఇబ్బంది అయినా ఉందా, డాక్టరు ఏదైనా చేయవద్దన్నారా అని అడిగాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఉన్నారా అని కూడా ప్రత్యేకంగా అడుగుతాను. వాళ్లలో కొందరికి మెడ పైభాగంలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. డాక్టరు సలహా లేకుండా మెడ బాగా వంచే ఏ కదలికా వాళ్లతో చేయించకూడదు. ఈ తరగతిలో అలాంటివాళ్లు లేరు. ఉబ్బసం ఉన్న పాప ఒకరు, చేయి విరిగి కట్టు విప్పి నెల దాటిన బాబు ఒకరు ఉన్నారు. గది విశాలంగానే ఉంది. మీటరున్నర దూరానికొకటి చొప్పున రంగు టేపుతో నేలమీద గుర్తులు అంటించాను. చేతులు చాపితే పక్కవాళ్లకు తగలకుండా ఉండడానికి ఆ దూరం చాలు. చాపమీద మేజోళ్లతో నిలబడితే జారతారు కాబట్టి వట్టి పాదాలతోనే రమ్మన్నాను.

మొదటి పాఠం ఎలా నడిచింది

ప్రణాళిక కాగితంమీద చక్కగానే కనిపించింది. ముందు కళ్లు మూసుకుని మూడు నిమిషాలు మౌనంగా కూర్చోవడం, తర్వాత అయిదు దీర్ఘశ్వాసలు, ఆపైన భుజంగాసనం, అధోముఖ శ్వానాసనం, వృక్షాసనం, సీతాకోకచిలుక, చివర్లో శవాసనం. పెద్దల తరగతిని చిన్నది చేసి తెచ్చాననే సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆటస్థలం నుంచి పరుగున వచ్చిన పిల్లల్ని వచ్చీరాగానే కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. ఇరవై సెకన్లు గడిచాయి. ఒకరు కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వరసంతా పాకింది. రెండో వరస చివర ఉన్న ఒక బాబు మాత్రం నవ్వలేదు. కళ్లు తెరిచి, మెడ వెనక్కి తిప్పి తలుపు వైపు చూస్తున్నాడు. "కళ్లు మూసుకో నాన్నా" అన్నాను. మూసుకున్నాడు, వెంటనే తెరిచాడు. మళ్లీ చెప్పాను. పక్కవాడి చాప అంచు గిల్లడం మొదలుపెట్టాడు. మూడోసారి పేరు పెట్టి పిలిచి చెప్పేసరికి లేచి తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. అతనే ఎప్పుడూ తరగతిని చెదరగొడతాడని టీచర్ నాతో మెల్లగా అన్నారు.

దీర్ఘశ్వాస అనగానే ఏం జరిగిందో ప్రత్యేకంగా చెప్పాలి. "గట్టిగా గాలి పీల్చండి" అని వినగానే 28 జతల భుజాలు చెవుల దాకా లేచాయి. బుగ్గలు ఉబ్బాయి. కొందరు ఎవరు ఎక్కువసేపు బిగబట్టగలరో పోటీ పడ్డారు. ఇంకొందరు గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీశారు. ఉబ్బసం ఉన్న పాప రొమ్ముమీద చేయి పెట్టుకుని బెదురుగా నా వైపు చూసింది. ముందు వరసలో ఒక అమ్మాయి "టీచర్, తల తిరుగుతోంది" అంది. వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోయినట్టు, వేళ్ల చివరలు జివ్వుమన్నట్టు అనిపిస్తుంది. శాంతపరచడానికి తెచ్చిన సాధన ఆ పాపను భయపెట్టింది.

ఆసనాల్లోనూ అంతే. బోర్లా పడుకుని భుజంగాసనంలోకి లేవగానే ఒకరికి తేన్పులు వచ్చాయి, ఇంకొకరికి కడుపులో తిప్పింది. పిల్లలు విరామం మొదట్లో తిని తర్వాత ఆడుకుంటారని నేను అనుకున్నాను. అడిగితే తెలిసింది, ముందు ఆడుకుని చివర్లో తింటారట. నా పాఠానికి వచ్చేసరికి చాలామంది తిని పది నిమిషాలు కూడా కాలేదు. భోజనం ఎన్నింటికి అని అడిగాను గానీ, తిన్నాక ఎంతసేపటికి నా దగ్గరకు వస్తారని అడగలేదు. అడిగి ఉంటే బోర్లా పడుకునేవి, తల కిందికి వంచేవి ఆ గంటకు పెట్టుకునేదాన్నే కాదు.

వృక్షాసనం ఒంటికాలి పోటీగా మారింది. ఒళ్లు బాగా వంగే ఒక అమ్మాయి కాలిని తొడ మొదలు దాకా ఎత్తి నిలబడింది. ఆమెను చూసి మిగతావాళ్లు పాదాన్ని మోకాలిమీద మోపి ఊగుతూ నిలబడ్డారు, ఇద్దరు ఒకరిమీద ఒకరు పడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ మధ్యాహ్నం తరగతి రోజూ కంటే ఎక్కువ గందరగోళంగా తిరిగి వెళ్లింది.

ఆసనాలను మళ్లీ ఎంచుకోవడం

ఆ సాయంత్రం ఆసనాల పట్టికను తిరగేసి, ప్రతిదాని పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను: దీన్ని పిల్లవాడు తప్పుగా చేస్తే ఏమవుతుంది? అంతవరకూ నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న, ఇది సరిగ్గా చేస్తే క్షేమమేనా అన్నది. 28 మంది ఏడేళ్ల పిల్లల్లో ఏ క్షణంలో చూసినా కనీసం పదిమంది తప్పుగానే చేస్తుంటారు. ఒక్క పెద్ద మనిషి వాళ్లందర్నీ ఒకేసారి దిద్దలేదు. కాబట్టి తప్పుగా చేసినా దెబ్బ తగలని ఆసనమే ఈ గదికి పనికొచ్చే ఆసనం.

ఆ ప్రశ్న వేయగానే కొన్ని వెంటనే పోయాయి. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం నేను చిన్న పిల్లల గుంపులతో ఎప్పుడూ చేయించను. వాటిలో తప్పు జరిగితే బరువంతా మెడమీదే పడుతుంది. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన శ్వాసలు, ఊపిరి బిగబట్టే కుంభకాలు కూడా వద్దనుకున్నాను. తల తిరగడానికి ఏం చాలుతుందో మొదటి పాఠంలోనే చూశాను. జంటలుగా ఒకరి వీపు ఒకరు నొక్కే స్ట్రెచింగ్ కూడా తీసేశాను. తాను నెడుతున్న బరువు ఎదుటివాడికి ఎక్కడ నొప్పిగా మారుతుందో ఏడేళ్ల పిల్లవాడికి తెలియదు. నేను కూడా పిల్లల్ని చేత్తో నొక్కి సర్దను. చేసి చూపిస్తాను, మాటతో చెబుతాను, లేదంటే ఆ ఆసనాన్ని ఇంకా తేలిక చేస్తాను.

మిగిలినవాటిని మార్చుకున్నాను. వృక్షాసనంలో పాదం ఎత్తడం లేదు. బొటనవేలు నేలకే ఆనాలి, మడమ మాత్రం రెండో కాలి చీలమండకు తగలాలి. అలా నిలబడితే ఊగినా పడరు. ఒంటికాలిమీద పోటీ పెట్టుకోవడానికి అందులో ఏమీ మిగలదు. దానికి ఒక ప్రశ్న జోడించాను: "నిలబడిన పాదంలో ఏ వేలు ఎక్కువ పని చేస్తోంది?" గది నిశ్శబ్దమైంది. అందరూ కిందికి చూశారు. "టీచర్, నా చిటికెన వేలు!" అని ఒకరు, "నాది మడమ, వేలు కాదు" అని ఇంకొకరు. మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట వాడకుండా, కళ్లు మూయించకుండా, వాళ్ల ధ్యాస తమ శరీరంమీద నిలిచిన మొదటి ఘడియ అది. అప్పటినుంచి ప్రతి ఆసనానికీ ఒక ప్రశ్న తయారుచేసుకున్నాను. జవాబు పిల్లల శరీరంలోనే దొరకాలి, తప్పు జవాబంటూ ఉండకూడదు.

సీతాకోకచిలుకలో, అంటే బద్ధకోణాసనంలో, పిల్లలు చేతులతో మోకాళ్లను నేలకు నొక్కుతారు. నొక్కవద్దని చెబితే ఇంకా నొక్కుతారు. అందుకని చేతులకు వేరే పని పెట్టాను. రెండు చేతులతో పాదాలను పుస్తకంలా పట్టుకోవాలి. మోకాళ్లు ఎంత ఎత్తులో ఉంటే అంతే. కాళ్లు చాపి ముందుకు వంగేటప్పుడు మోకాళ్లు కొంచెం మడిచి ఉంచమన్నాను. తొడ వెనుక కండరాలు బిగుసుకున్న పిల్లలు మోకాళ్లు నిటారుగా పెట్టి వేళ్లను అందుకోబోతే నడుమును లాగుతారు.

పిల్లి ఆసనం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చేతులు, మోకాళ్లమీద నిలబడి వీపును నెమ్మదిగా పైకీ కిందికీ కదిలించడమే కాబట్టి ఇందులో ప్రమాదమే లేదనుకుంటాం. ఒళ్లు బాగా వంగే ఆ అమ్మాయి పక్కన కూర్చుని చూశాను. ఆమె మోచేతులు నిటారుగా ఆగకుండా వెనక్కి వంగి ఉన్నాయి, మోచేతి గుంతలు పూర్తిగా ముందుకు తిరిగి ఉన్నాయి. కండరం పని చేయడం లేదు. ఒంటి బరువు కీలులోనే వేలాడుతోంది. చిన్న పిల్లల్లో ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు సహజంగానే వదులుగా ఉంటాయి, కొందరిలో మరీ వదులుగా. అందరూ మెచ్చుకునే ఆ వంపు నిజానికి జాగ్రత్తపడాల్సిన చోటు. "మోచేతుల్లో చిన్న స్ప్రింగు ఉందనుకో, దాన్ని పూర్తిగా లాగేయకు" అన్నాను. చేతులు వణికాయి. ఆ వణుకు చూసి ఆమె కంగారుపడింది, తనకు చేతకావడం లేదనుకుంది. ఇప్పుడు కండరాలు పని మొదలుపెట్టాయని, అందుకే వణుకుతున్నాయని చెప్పాను. అప్పటిదాకా "ఎంత బాగా వంగిందో" అని ఆమెను మెచ్చుకునే టీచర్‌తో కూడా మాట్లాడి, ఆ మెచ్చుకోలు ఆపించాను. ఎక్కువ వంగినవాళ్లకు చప్పట్లు పడితే వంగనివాళ్లు తమను తాము లాగుకుంటారు, వంగేవాళ్లు ఇంకా వంగుతారు.

ఏ ఆసనంలోనైనా ఆగేది మూడు మామూలు శ్వాసలసేపే, దాదాపు పది సెకన్లు. చేయి విరిగిన బాబుకు చేతులమీద బరువు పడేవన్నీ గోడకు ఆనుకునో కుర్చీలో కూర్చునో చేసే పద్ధతి చూపించాను. అతను ఒక్కడే వేరుగా కనిపించకూడదని, కావాలనుకున్నవాళ్లు ఎవరైనా అలా చేయవచ్చన్నాను. ఒక వారం అయిదుగురు గోడ దగ్గరే చేశారు.

వరస తిరగేయడం

రెండో పెద్ద మార్పు వరసలో వచ్చింది. పరుగెత్తి వచ్చిన పిల్లవాడి గుండె వేగంగా కొట్టుకుంటోంది, కాళ్లలో ఇంకా ఆట ఉంది. ఆ ఒంటిని ఒక్కసారిగా ఆపితే అది ఊరుకోదు, నవ్వుగానో గిల్లడంగానో బయటికి వస్తుంది. మేడమీద నుంచి దిగేవాడికి మెట్లు కావాలి. నేను మొదటి పాఠంలో మెట్లు లేకుండా చేసి దూకమన్నాను.

రెండో పాఠం నుంచి మొదటి అయిదు నిమిషాలు నిలబడే కదలికలే. ఉన్నచోటే కాళ్లు తొక్కడం, భుజాలు తిప్పడం, చేతులు విదిలించడం. మొదట వాళ్లు వచ్చిన వేగంతోనే చేస్తాం, ప్రతి విడతకూ వేగం కొంచెం తగ్గిస్తాం. తర్వాత గోడను రెండు చేతులతో పది అంకెలసేపు నెట్టడం. ఇలా కండరాలకు బరువు పని పడే కదలికలు పిల్లల్ని స్థిమితపరచడం నేను చాలా తరగతుల్లో చూశాను. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఆసనాలు, నిలబడేవి ముందు, నేలమీద చేసేవి తర్వాత. చివరి పది నిమిషాలకు గానీ నిశ్చలత రాదు. అప్పటికి తిన్నది కూడా కాస్త సర్దుకుంటుంది. అయినా ఆ గంటలో బోర్లా పడుకునేవి, తల కిందికి వేలాడేవి మళ్లీ పెట్టలేదు.

మౌనాన్ని మూడు నిమిషాల నుంచి ఒక గంట మోతకు తగ్గించాను. చేతిగంటను ఒక్కసారి మోగిస్తాను. మోత పూర్తిగా ఆగిపోయిందని ఎవరికి అనిపిస్తే వాళ్లు చేయి ఎత్తాలి. "మీ చెవికి వినపడటం ఆగినప్పుడే మీ చేయి. పక్కవాళ్ల చేయి ముందే లేచినా పరవాలేదు" అని ముందే చెప్పాను. ఆ మోత పదిహేను, ఇరవై సెకన్లు ఉంటుంది. ఎప్పటివరకు కూర్చోవాలో తెలియని మౌనాన్ని ఈ వయసువాళ్లు భరించలేరు. ఎప్పుడు ముగుస్తుందో తామే తేల్చే మౌనాన్ని ఇష్టంగా వింటారు. నాలుగో వారానికి మూడుసార్లు వరసగా మోగించమని వాళ్లే అడిగారు. దాంతో నిమిషం మౌనం దానంతటదే వచ్చింది.

శ్వాసలో "పీల్చండి" అనే మాటే మానేశాను. వదలడంమీదే దృష్టి పెట్టాం. ఒక చేతివేళ్లు చాపి, రెండో చేతి చూపుడువేలితో ఆ వేళ్ల అంచుమీద నడవాలి. దిగేటప్పుడు నోటితో సన్నగా, చప్పుడు లేకుండా ఊదాలి. ఎక్కేటప్పుడు ఏం చేయాలో చెప్పను, గాలి దానంతటదే లోపలికి వస్తుంది. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గడం శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటు. వదలడాన్ని పొడిగిస్తే భుజాలు లేవవు, బిగబట్టే పోటీ ఉండదు, తల తిరగదు. ఉబ్బసం ఉన్న పాపకు ఇదీ నచ్చలేదు. ఊపిరివైపు ధ్యాస పెడితేనే ఆమెకు బెదురు పుట్టేది. ఆమెను వేళ్లమీద నడక మాత్రమే చేయమన్నాను, స్పర్శ గమనిస్తే చాలన్నాను. ఊపిరిని గమనించడం అందరికీ హాయి కాదన్న సంగతి ఈ ఒక్క పాప నాకు గట్టిగా నేర్పింది.

తలుపు వైపు చూసే బాబు

అతని గురించి టీచర్‌ను ఇంటి విషయాలేవీ అడగలేదు. అవి తెలుసుకోవడం నా పని కాదు, తెలియకుండానే చేయగలిగింది చాలా ఉంది. మొదటి పాఠంలో అతను ఎక్కడ ఉన్నాడో గుర్తు చేసుకున్నాను. గది మధ్యలో, తలుపు వీపు వెనక. అలా కూర్చోబెట్టి మూడుసార్లు కళ్లు మూసుకోమన్నాను.

రెండో వారం పాఠం మొదట్లోనే అందరికీ చెప్పాను: కళ్లు మూసుకోవచ్చు, లేదా తెరిచి ఎదుట నేలమీద ఒక చోట చూపు ఆనించవచ్చు. పడుకోవచ్చు, కూర్చోనూ వచ్చు. రెండూ సరైనవే. నేను కూడా కళ్లు తెరిచే ఉంటానని చెప్పాను. తర్వాత ఒక గుర్తును గోడ పక్కకు మార్చి, "అక్కడ వీపు ఆనించుకుని కూర్చోవచ్చు, ఎవరికి కావాలి?" అన్నాను. ముగ్గురు వెళ్లారు, వాళ్లలో అతనూ ఉన్నాడు. అక్కడినుంచి తలుపు కనిపిస్తుంది, వెనక ఎవరూ ఉండరు. పక్కవాళ్ల చాప గిల్లడం ఆ రోజే ఆగింది. ఎనిమిది వారాల్లో అతను ఒక్కసారి కూడా కళ్లు మూసుకోలేదు, నేను అడగనూ లేదు. గంట మోగితే చేయి చివరగా లేచేది మాత్రం చాలాసార్లు అతనిదే.

పడుకునేటప్పుడు పొట్టమీద మడిచిన కాగితం పెట్టుకుని అది లేవడం, దిగడం చూడమంటాను. అతను కూర్చుని, ఆ కాగితాన్ని మోకాలిమీద పెట్టుకుని, అది కదలకుండా చూసుకునేవాడు. నేను అనుకున్న సాధన అది కాదు. అయినా ఆపలేదు. అతని ధ్యాస అక్కడ కుదురుగా ఉంది, నాకు కావలసిందీ అదే.

శాంతపడే పద్ధతి: మొదట ఎందుకు చెడింది

ఇప్పుడు మూడో వారం సంగతి. ఏడుపో కోపమో వచ్చిన పిల్లల కోసం గది మూలన ఒక చాప, గోడమీద ఒక బొమ్మల పలక పెట్టించాను. పలకలో నాలుగు మెట్లు: నీకు ఏమనిపిస్తోందో పేరు పెట్టు, అది ఒంట్లో ఎక్కడుందో చూడు, అయిదు శ్వాసలు తీసుకో, ఏం కావాలో అడుగు. పాఠంలో ఒకసారి చదివి వినిపించి, ఇక టీచర్ వాడుకుంటారనుకున్నాను.

వారం తిరిగేసరికి ఆ మూల శిక్షగా మారిపోయింది. అల్లరి చేసినవాళ్లను టీచర్ "వెళ్లి శాంతపడి రా" అని అక్కడికి పంపుతున్నారు. తోపులాటలో కిందపడి ఏడుస్తున్న ఒక బాబును ఓదార్చే ఉద్దేశంతోనే ఆవిడ అక్కడికి వెళ్లమన్నారు. అతను ఇంకా గట్టిగా ఏడుస్తూ, "నేనేం తప్పు చేయలేదు టీచర్" అన్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ ఒక్క మాటతో ఆ మూల గురించి పిల్లలందరూ ఏమనుకుంటున్నారో తెలిసిపోయింది.

పలకలోని మెట్లూ పనిచేయలేదు. కోపంతో ఊగిపోతున్న పిల్లకు "నీకు ఏమనిపిస్తోంది" అన్నది జవాబు దొరకని ప్రశ్న. ఆ క్షణంలో మాటలు చెవికెక్కవు. మాటలతో చేసే పనులు స్థిమితపడ్డాక వస్తాయి. నేను వాటినే మొదటి మెట్టుగా పెట్టాను.

కొత్త పద్ధతిలో మూడే పనులున్నాయి, మూడూ ఒంటితో చేసేవే. గోడను నెట్టు. వేళ్లమీద ఊదు. పాదాలు నేలకు ఆనించి ఒక చప్పుడు విను. గోడమీద పిల్లల భుజాల ఎత్తులో కాగితపు అరచేతులు రెండు జతలు అంటించాం. నెట్టే చోటు అదే. ఈ మూడూ పిల్లలకు కొత్తవి కావు, ప్రతి పాఠంలోనూ చేస్తున్నవే. పైగా రోజూ, ఎవరికీ కోపం లేని వేళ, మధ్యాహ్నం హాజరు తర్వాత, తరగతంతా కలిసి మూడు నిమిషాలు చేయాలని టీచర్‌తో ఒప్పందం చేసుకున్నాను. ఒళ్లు మంటగా ఉన్నప్పుడు కొత్తది నేర్చుకోలేం, అలవాటైనదే అందుకోగలం.

పంపడం అనే మాటను పూర్తిగా ఆపించాను. పిల్లలు తమంతట తామే వెళ్లవచ్చు. టీచర్‌కు అవసరమనిపిస్తే ఏమీ అనకుండా తన రెండు అరచేతులు ఎదురుగా చాపి చూపిస్తారు. వస్తే ఆ అరచేతుల్నే నెట్టవచ్చు, రాకపోతే బలవంతం లేదు. అల్లరికి వేసే శిక్షలేమైనా ఉంటే అవి వేరే చోట, వేరే సమయంలో. ఇది టీచర్‌కు కష్టమైంది. "మరి కొట్టినవాడిని ఏమీ అనకూడదా?" అని అడిగారు. అనాలి, కానీ అతని ఒళ్లు చల్లబడ్డాక అనాలి, ఈ గోడ దగ్గర కాదు అన్నాను. అయిదో వారంలో ఆవిడే ఫోను చేసి చెప్పారు: ఒక అమ్మాయి జట్టు వాదన మధ్యలో లేచి, ఎవరూ చెప్పకుండా గోడ దగ్గరకు వెళ్లి నెట్టి, తిరిగి వచ్చి కూర్చుందట. ఊదడం, చప్పుడు వినడం చేయలేదట. అవి అక్కర్లేదనిపిస్తే మానేయడం కూడా ఆమె ఇష్టమే అన్నాను.

ఎంతవరకు పనిచేసింది

టీచర్ గడియారం చూసి గమనించిన లెక్క ప్రకారం, పుస్తకాలు తెరిచే దాకా పట్టే పావుగంట చివరి వారాల్లో ఆరేడు నిమిషాలకు వచ్చింది. దీన్ని నా పాఠం ఫలితంగా రాసుకోను. రోజూ మూడు నిమిషాలు టీచర్ కూడా పిల్లలతో కలిసి నెమ్మదించారు. పోల్చి చూడటానికి పక్కన వేరే తరగతి లేదు. ఆవిడ సెలవు పెట్టిన రెండు రోజులు, వేరేవారు వచ్చినప్పుడు, అంతా మొదటికి వచ్చింది.

బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ల విద్యార్థులు ఎనిమిది వేలమందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనం 2022లో వెలువడింది. తరగతులన్నింటికీ ఒకేలా మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పడం, బడుల్లో మామూలుగా జరిగే భావోద్వేగ శిక్షణ కంటే వాళ్ల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలు చేసిందని అందులో తేలలేదు. అది పెద్ద పిల్లల సంగతి, నా తరగతి వేరు. అయినా తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఇది ఆందోళన తగ్గించే చికిత్స అని నేను అనను. ఒక మధ్యాహ్నాన్ని సర్దే పద్ధతి అంటాను. ఒక పిల్లవాడి భయమో దుఃఖమో వారాల తరబడి తగ్గకపోతే, తినడం, నిద్ర, ఆట దెబ్బతింటే, గోడ నెట్టమని చెప్పి ఊరుకోకూడదు. బడిలో ఆ బాధ్యత ఉన్నవారికి చెప్పాలి, వాళ్లు పిల్లల వైద్యుడి దాకా చేర్చాలి.

తర్వాతి తరగతికి మార్చుకున్నవి

ఫారంలో ఇప్పుడు "పాఠానికి ఎంతసేపటి ముందు తింటారు?" అన్న వరస చేరింది. పిల్లల్ని చూడకముందే తలుపు ఎటు ఉందో చూస్తాను, గోడ పక్కన కనీసం మూడు చోట్లు ఖాళీగా ఉంచుతాను. శాంతపడే పద్ధతిని మొదటి మూడు వారాలు ఎవరికీ కష్టకాలంలో వాడనివ్వను. అప్పటిదాకా అది అందరూ కలిసి చేసే ఒక కదలిక మాత్రమే. టీచర్ లేని రోజు ఏం చేయాలన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రస్తుతానికి ఇద్దరు పిల్లలకు చేతిగంట అప్పగించి, హాజరు తర్వాత మోగించే పని వాళ్లకిస్తున్నాను. కొత్తగా వచ్చిన టీచర్‌కు ఏం చేయాలో వాళ్లే చూపిస్తారు.